ఆప్షన్ ప్రీమియం ఖరీదా, చవకా? ఐవీ, హెచ్‌వీలతో లెక్కగట్టే పద్ధతి

"ఐవీ 38 ఉంది, హెచ్‌వీ 22 ఉంది. ప్రీమియం ఖరీదుగా ఉన్నట్టే కదా, అమ్మేయొచ్చా?" కంపెనీల త్రైమాసిక ఫలితాల సీజన్ వచ్చిందంటే ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో చూస్తే జవాబు రాదు. హెచ్‌వీ, అంటే హిస్టారికల్ వొలటిలిటీ, చెప్పేది గడిచిపోయిన రోజుల్లో షేరు ఎంత ఊగిందన్న సంగతి. ఐవీ, అంటే ఇంప్లైడ్ వొలటిలిటీ, చెప్పేది ఎక్స్‌పైరీ లోపు రాబోయే రోజుల ఊగిసలాటకు మార్కెట్ కడుతున్న ధర. రాబోయే రోజుల్లో ఫలితాల రోజు ఉండి, గడిచిన రోజుల్లో అది లేకపోతే ఆ పోలికే కుదరదు.

అందుకే ఫలితాల రోజును విడదీసి, మిగతా రోజులను మిగతా రోజులతోనూ, ఆ రోజును పాత ఫలితాల రోజులతోనూ పోల్చాలి. ఈ వ్యాసమంతా దాని గురించే. కాల్, పుట్, స్ట్రైక్, ఎక్స్‌పైరీ అంటే తెలిసినవాళ్లకోసం రాస్తున్నాను.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆ షేరు గత రెండేళ్ల రోజువారీ ముగింపు ధరలు, బోనస్‌కూ స్ప్లిట్‌కూ సర్దుబాటు చేసినవి
- గత ఎనిమిది త్రైమాసికాల ఫలితాల తేదీలు, అవి మార్కెట్ నడుస్తుండగా వచ్చాయా, ముగిశాక వచ్చాయా అన్న వివరం
- రాబోయే ఫలితాల తేదీ (బోర్డు సమావేశం గురించి కంపెనీ ఎక్స్ఛేంజీకి ముందే చెబుతుంది)
- ఎక్స్‌పైరీకి ఇంకా ఎన్ని ట్రేడింగ్ రోజులున్నాయో ఆ లెక్క
- ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్ చెయిన్, ఒక స్ప్రెడ్‌షీట్

మొదటి అంశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 1:1 బోనస్ ఇచ్చిన రోజున సర్దుబాటు చేయని ధర సగానికి పడినట్టు కనిపిస్తుంది. ఆ ఒక్క గడి చాలు, హెచ్‌వీ మూడంకెలకు ఎగబాకడానికి. మీకు వచ్చిన హెచ్‌వీ నమ్మశక్యంగా లేకపోతే మొదట వెతకాల్సింది దీన్నే.

## 2. హెచ్‌వీ లెక్కించడం

బీ కాలమ్‌లో ముగింపు ధరలు పాతవి పైన, కొత్తవి కింద వచ్చేలా పెట్టండి. సీ కాలమ్‌లో రోజువారీ మార్పు వస్తుంది. ఇరవై రోజుల మార్పులకు స్టాండర్డ్ డీవియేషన్ తీసి, ఏడాది లెక్కలోకి మార్చాలి.

```
C3:  =LN(B3/B2)
D22: =STDEV.S(C3:C22)*SQRT(252)
```

రెండు సూత్రాలనూ కిందికి లాగితే ప్రతి రోజుకూ ఒక హెచ్‌వీ వస్తుంది. మన మార్కెట్లో ట్రేడింగ్ రోజులు ఏడాదికి 250కి అటూఇటూ ఉంటాయి. 252 అని రాయడం అలవాటు, తేడా పట్టించుకోనంత చిన్నది.

ఇప్పుడు అసలు చిక్కు. ఒక షేరు మామూలుగా రోజుకు 1.4 శాతం కదులుతుందనుకోండి. ఏడాది లెక్కన హెచ్‌వీ 22 దగ్గర ఉంటుంది. ఆ ఇరవై రోజుల్లో 7.8 శాతం కదిలిన ఫలితాల రోజు ఒక్కటి పడితే హెచ్‌వీ ఒక్కసారిగా 35 అవుతుంది. ఆ రోజు ఇరవై రోజుల లెక్కలో ఉన్నంతకాలం అక్కడే నిలిచి, ఇరవై ఒకటో రోజున మళ్లీ 22కి పడిపోతుంది. ఆ రోజు మార్కెట్లో ఏమీ జరగదు. పాత రోజు లెక్కలోంచి జారిపోతుంది, అంతే.

కాబట్టి రెండు హెచ్‌వీలు ఉంచుకోండి: అన్ని రోజులతో ఒకటి, ఫలితాల రోజు గడిని ఖాళీ చేసి ఇంకొకటి. రెండోదాన్ని మామూలు రోజుల హెచ్‌వీ అందాం. పోలికకు పనికొచ్చేది అదే. ఇరవై రోజులదే కాకుండా అరవై రోజులది కూడా చూడండి. రెండూ దగ్గరగా ఉంటే అంకెను నమ్మొచ్చు. బాగా ఎడంగా ఉంటే షేరు నడకే మారుతోందన్నమాట, అప్పుడు రెంటి మధ్యా ఒక అంచనాకు రావాలి.

## 3. ఐవీని సరిగ్గా చదవడం

ఆప్షన్ చెయిన్‌లో ప్రతి స్ట్రైక్‌కూ ఒక ఐవీ ఉంటుంది. వాటిలో ఏది తీసుకోవాలి? ప్రస్తుత ధరకు అతి దగ్గరి స్ట్రైక్, అంటే ఏటీఎం. దూరపు స్ట్రైక్‌ల ఐవీలో పతనం భయం, తక్కువ లావాదేవీలు, పెద్ద బిడ్-ఆస్క్ తేడా అన్నీ కలిసిపోయి ఉంటాయి.

ఒకే స్ట్రైక్‌లో కాల్ ఐవీ 36, పుట్ ఐవీ 40 అని కనిపిస్తే కంగారుపడకండి, "పుట్‌లు ఖరీదు" అని తీర్మానించనూ వద్దు. మన ఎక్స్ఛేంజీ ఆప్షన్లు యూరోపియన్ తరహావి, కాబట్టి ఒకే స్ట్రైక్, ఒకే ఎక్స్‌పైరీ అయితే సిద్ధాంతం ప్రకారం రెంటికీ ఐవీ ఒకటే ఉండాలి. లెక్కగట్టినవాళ్లు వాడిన వడ్డీ రేటు, ఫ్యూచర్స్ ధరలో నిజంగా ఉన్న వడ్డీ వేరయినప్పుడు ఈ ఎడం వస్తుంది. రెంటి సగటు తీసుకుంటే చాలావరకు సరిపోతుంది.

చివరిగా ట్రేడైన ధర మీద లెక్కించిన ఐవీ కూడా మోసం చేస్తుంది. ఆ ట్రేడ్ గంట కిందట జరిగి, షేరు ఈలోగా కదిలి ఉండొచ్చు. బిడ్, ఆస్క్ మధ్య ధర చూసుకోండి.

ఇంకో చిన్న విషయం. మీ లెక్క ట్రేడింగ్ రోజుల్లో, తెరమీది ఐవీ క్యాలెండర్ రోజుల్లో ఉంటే అంకెలు కలవవు. 12 ట్రేడింగ్ రోజులు 16 క్యాలెండర్ రోజులైతే, ఒకే ప్రీమియం ఒక లెక్కలో 38గానూ, ఇంకో లెక్కలో 39.6గానూ కనిపిస్తుంది. ఎక్స్‌పైరీ దగ్గరపడే కొద్దీ, మధ్యలో శని ఆదివారాలుంటే ఈ తేడా పెరుగుతుంది. అనుమానముంటే ఏటీఎం స్ట్రాడిల్ ధర నుంచి మీరే ఐవీ రాబట్టుకోండి:

```
IV = Straddle / (0.8 * S * SQRT(days/252))
```

ఇక్కడ స్ట్రాడిల్ అంటే ఏటీఎం కాల్, పుట్ ప్రీమియంల మొత్తం, `S` షేరు ధర. ఉజ్జాయింపే అయినా ఏటీఎం దగ్గర బాగా పనిచేస్తుంది.

## 4. ఫలితాల రోజును విడదీయడం

ఒక ఊహాత్మక షేరు తీసుకుందాం. ధర ₹1,500. ఎక్స్‌పైరీకి 12 ట్రేడింగ్ రోజులున్నాయి. ఫలితాల ప్రభావం ఐదో రోజున కనిపిస్తుంది. 1500 స్ట్రైక్ కాల్ ₹51, పుట్ ₹48, మొత్తం స్ట్రాడిల్ ₹99. ఐవీ 38 వస్తుంది. మామూలు రోజుల హెచ్‌వీ 22.

వొలటిలిటీలను నేరుగా కూడకూడదు. వాటి వర్గాలను, అంటే వేరియన్స్‌లను మాత్రమే కూడొచ్చు, తీసేయొచ్చు. చాలామంది ఇక్కడే సగటులు తీసి తప్పుదారి పడతారు. వరుస ఇలా:

1. మొత్తం 12 రోజుల వేరియన్స్: 0.38 × 0.38 × 12 = 1.733
2. మామూలు 11 రోజుల వాటా: 0.22 × 0.22 × 11 = 0.532
3. ఫలితాల రోజుకు మిగిలింది: 1.733 − 0.532 = 1.201
4. దాన్ని 252తో భాగించి వర్గమూలం తీస్తే: 0.069, అంటే 6.9 శాతం
5. ఇది స్టాండర్డ్ డీవియేషన్. సగటు కదలిక కావాలంటే 0.8తో గుణించాలి: 5.5 శాతం

ఇప్పుడు మార్కెట్ మాట అర్థమయ్యే రూపంలోకి వచ్చింది. "ఫలితాల రోజున ఈ షేరు పైకో కిందికో సగటున 5.5 శాతం కదులుతుంది" అన్న అంచనాకు తగ్గ ధర మీ ముందుంది. 38కీ 22కీ మధ్య ఉన్న ఎడమంతా ఆ ఒక్క రోజుదే.

మూడో అడుగులో మిగిలింది సున్నా కన్నా తక్కువ వస్తే ఏదో పొరపాటుంది. మామూలు రోజుల హెచ్‌వీలో పాత ఫలితాల రోజు ఉండిపోయిందేమో చూడండి. లేదా ఫలితాలు ఎక్స్‌పైరీ తర్వాత రాబోతున్నాయేమో, క్యాలెండర్ మళ్లీ చూసుకోండి.

## 5. పాత ఫలితాల రోజులతో పోల్చడం

ఇప్పుడు గత ఎనిమిది ఫలితాలకు షేరు ఎంత కదిలిందో రాయండి. ఫలితాలకు ముందు చివరి ముగింపు నుంచి, తర్వాతి మొదటి ముగింపు దాకా. మార్కెట్ ముగిశాక ఫలితాలు వస్తే మర్నాటి కదలికే లెక్క. ప్రకటన తేదీనే గుడ్డిగా తీసుకుంటే అసలు కదలిక పక్క గడిలోకి పోయి, షేరు మెత్తగా ఉందన్న భ్రమ కలుగుతుంది.

మన షేరు కదలికలు, పైకీ కిందికీ తేడా లేకుండా: 3.1, 6.4, 2.2, 7.8, 4.0, 1.5, 5.2, 3.8 శాతం. సగటు 4.25.

మార్కెట్ ధర 5.5, చరిత్ర 4.25. ఖరీదే, కానీ 38కీ 22కీ మధ్య కనిపించినంత ఘోరమైన ఖరీదు కాదు. రూపాయల్లో చూద్దాం. 4.25 సగటు అంటే స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 5.3 శాతం. దాంతో వెనక్కి లెక్కిస్తే 12 రోజులకు సరైన ఐవీ 32 దగ్గర, స్ట్రాడిల్ సుమారు ₹84 వస్తాయి. మార్కెట్లో ₹99. అంటే ఎక్కువ ఉన్నది ₹15.

ఎనిమిది రోజుల చరిత్ర చాలా చిన్న నమూనా అని మరచిపోవద్దు. అందులోంచి 7.8 తీసేస్తే సగటు 3.74కి పడిపోతుంది. ఇంకో 8 శాతం రోజు చేరితే 4.67కి పెరుగుతుంది. అందుకే నేను సగటు ఒక్కటే చూడను. ఎనిమిదిలో ఎన్నిసార్లు మార్కెట్ అంచనా 5.5ను దాటిందో లెక్కపెడతాను. ఇక్కడ రెండుసార్లు. ఆ రెండు రోజులూ ఎందుకు అంత కదిలాయో, ఆ కారణం ఈసారి కూడా ఉందో లేదో తెలుసుకోవడం మరో దశాంశ స్థానం లెక్కించడం కన్నా ఎక్కువ ఉపయోగం.

## 6. కొనేవాళ్లకు దీని అర్థం

ఫలితాలు వచ్చాక ఐవీలోంచి ఆ ఒక్క రోజు వాటా ఎగిరిపోతుంది. ఐవీ 22కి దిగి, ఎక్స్‌పైరీకి ఏడు రోజులు మిగిలాయనుకోండి. మధ్యలోని మామూలు రోజుల కదలికను పక్కన పెడితే:

- షేరు ₹1,500 దగ్గరే ఉంటే ₹99 స్ట్రాడిల్ ₹44 అవుతుంది
- షేరు 4 శాతం పెరిగి ₹1,560కి చేరితే స్ట్రాడిల్ సుమారు ₹68
- స్ట్రాడిల్ కొన్నవాళ్లు పెట్టింది వెనక్కి రావాలంటే షేరు దాదాపు 6.5 శాతం కదలాలి

అదే 4 శాతం పెరుగుదలలో కాల్ మాత్రమే కొన్నవాళ్లకు ₹51 కాస్తా ₹64 అవుతుంది. దిశ సరిగ్గా చెప్పి, షేరు ₹60 పెరిగినా చేతికి వచ్చింది ₹13. "షేరు పెరిగింది, నా కాల్ ఎందుకు పెరగలేదు?" అని అడిగేవాళ్లకు జవాబు ఈ లెక్కలోనే ఉంది.

ఈ షేరు ఎనిమిది ఫలితాల్లో 6.5 దాటింది ఒక్కసారే. స్ట్రాడిల్ కొనడానికి ఇక్కడ నాకు కారణం కనిపించదు.

## 7. అమ్మేవాళ్లకు దీని అర్థం

అలాగని ₹15 ఎక్కువ ఉంది కదా అని ఉత్త స్ట్రాడిల్ అమ్మితే, 12 శాతం గ్యాప్ వచ్చిన రోజున ₹180 దాకా తిరిగి ఇవ్వాలి. మన దగ్గర స్టాక్ ఆప్షన్లు ఎక్స్‌పైరీలో డెలివరీతో సెటిలవుతాయి, కాబట్టి చివరి రోజుల్లో మార్జిన్ భారం కూడా పెరుగుతుంది. సహజంగానే రక్షణగా దూరపు ఆప్షన్లు కొంటారు. 1620 కాల్, 1380 పుట్ కొన్నారనుకుందాం.

ఆ రెండూ కూడా అదే ఖరీదైన ఐవీతోనే దొరుకుతాయి. 38 ఐవీ దగ్గర ఒక్కోటి సుమారు ₹11, మొత్తం ₹22. చేతికి వచ్చేది ₹77, గరిష్ఠ నష్టం ₹43. మన అంచనా 32 ఐవీ నిజమైతే వాటి సరైన ధర రెండూ కలిపి ₹13 దగ్గర. అంటే మొత్తం నిర్మాణానికి సరైన ధర ₹71. మనకు అదనంగా దొరుకుతున్నది ₹15 కాదు, ₹6.

ఇప్పుడు బిడ్-ఆస్క్ తేడా చూడండి. నాలుగు ఆప్షన్లు, లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి. ఒక్కోసారి అర్ధరూపాయి పోయినా ₹4. పైన బ్రోకరేజీ, ఎస్‌టీటీ. 38కీ 22కీ మధ్య పదహారు పాయింట్ల ఎడంతో మొదలైన కథ చివరికి చిల్లరలో తేలింది. ఈ ట్రేడ్ వదిలేయడమే నా తీర్పు. ఇలా వదిలేసేవే ఎక్కువ ఉంటాయి. అదనం కనీసం ఖర్చులకు మూడింతలు లేకపోతే నేను ముట్టుకోను. ఇది నా సొంత కొలత, మీది మీరు పెట్టుకోండి.

## 8. ఐవీ ర్యాంక్, పర్సంటైల్: ఎంతవరకు నమ్మాలి

ర్యాంక్ ఏడాదిలో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య నేటి ఐవీ ఎక్కడుందో చెబుతుంది. ఒక్క గరిష్ఠం చాలు దాన్ని పాడుచేయడానికి. ఏడాదిలో కనిష్ఠం 10, గరిష్ఠం 27, నేడు 15 అయితే ర్యాంక్ 29, చవకలాగా కనిపిస్తుంది. కానీ ఆ 27 రెండు రోజుల ముచ్చటే అయి, 250 రోజుల్లో 160 రోజులు ఐవీ 15 కన్నా కింద ఉంటే పర్సంటైల్ 64. ఈ సందర్భంలో పర్సంటైల్‌నే నమ్మాలి.

ఫలితాలిచ్చే షేర్లకు మాత్రం రెండూ మూడు నెలలకోసారి తప్పకుండా ఎక్కువే చూపిస్తాయి. పోలిస్తే గత ఫలితాలకు అన్నే రోజుల ముందున్న ఐవీతో పోల్చండి.

## 9. ఎక్కువగా కనిపించినా చవకే అయిన సందర్భం

ఈ పద్ధతి ఎక్కడ విరుగుతుందో తెలియాలంటే 2024 లోక్‌సభ ఫలితాల నాటి నిఫ్టీని చూడాలి. నిఫ్టీ ఆప్షన్ల ఐవీని ఒక్క అంకెలో చూపే ఇండియా విక్స్ ఏప్రిల్ చివరి వారాల్లో 10 దగ్గరికి దిగి, మే నెలాఖరుకు 24 దాటింది. అప్పటి హెచ్‌వీ దానికి చాలా కిందే ఉంది. విక్స్ 24 అంటే, 252 వర్గమూలం 16కి దగ్గర కాబట్టి, రోజుకు ఒకటిన్నర శాతం. గడిచిన నెలలో నిఫ్టీ అంత కదిలిన రోజులు అరుదు. ఖరీదు అనిపించడం సహజమే.

జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఊపుతో నిఫ్టీ 3 శాతానికి పైగా పెరిగింది. 4న ఓట్ల లెక్కింపు రోజున దాదాపు 6 శాతం పడింది. 5న మళ్లీ 3 శాతానికి పైగా లేచింది. "ఖరీదు" అని అంతకు ముందు వారం అమ్మినవాళ్లు నిజానికి చవకగా అమ్మారు. కొన్నవాళ్లలోనూ 4వ తేదీన బయటపడని వాళ్లకు ఇంకో పాఠం ఎదురైంది. లెక్కింపు రోజున 26 దాటిన విక్స్ మర్నాడు 19 దగ్గరికి జారిపోయింది.

షేరుకు ఎనిమిది ఫలితాల చరిత్రైనా ఉంటుంది. ఎన్నికలకు అయిదేళ్లకొకటి, అదీ ప్రతిసారీ వేరే పరిస్థితుల్లో. పోల్చడానికి తగిన పాత రోజులు లేనప్పుడు ఐదో భాగంలోని పోలిక పనిచేయదు. అలాంటప్పుడు ఖరీదా చవకా అన్నది లెక్క కాదు, అభిప్రాయం. నష్టానికి ముందే హద్దు కట్టకుండా ఆ వైపు వెళ్లొద్దు.

## 10. తరచూ ఎదురయ్యే పొరపాట్లు, సర్దుబాట్లు

ఎక్స్‌పైరీ నిడివి ఒకటి, హెచ్‌వీ నిడివి ఇంకొకటి. మూడు రోజుల వీక్లీ ఆప్షన్‌ను ఏడాది హెచ్‌వీతో పోల్చడం. చిన్న ఎక్స్‌పైరీకి పది, ఇరవై రోజుల హెచ్‌వీ చూడండి.

ఇండియా విక్స్‌ను షేర్లకు వాడటం. విక్స్ నిఫ్టీ ఆప్షన్ల నుంచి వచ్చే 30 రోజుల అంచనా. మీ షేరు ఐవీ దాంతోపాటే నడవాలని లేదు. అలాగే దాన్ని మూడు రోజుల వీక్లీ ఆప్షన్ ఐవీ అనుకోవద్దు.

హెచ్‌వీ కన్నా ఐవీ రెండు మూడు పాయింట్లు ఎక్కువుంటే ఖరీదు అనడం. నిఫ్టీలో ఐవీ కొంచెం పైన ఉండటమే మామూలు. అమ్మేవాళ్లు మోస్తున్న రిస్కుకు అది కూలి. ఏడాది పొడవునా రెంటి మధ్య తేడాను గ్రాఫ్‌గా గీసుకుని, నేటి తేడా దానిలో ఎక్కడుందో చూడండి.

ముగింపు ధరలే చూడటం. రోజంతా 3 శాతం ఊగి ముందురోజు ముగింపు దగ్గరే ముగిసిన షేరుకు ఆ రోజు కదలికను ఈ హెచ్‌వీ సున్నాకు దగ్గరగా లెక్కిస్తుంది. రోజు గరిష్ఠ, కనిష్ఠ ధరలను కూడా ఓ కాలమ్‌లో పెట్టి, ఇలాంటి రోజులు ఎక్కువగా ఉంటే హెచ్‌వీ అంచనాను కాస్త పెంచుకోండి.

ట్రేడ్ అయ్యాక లెక్క మూసేయడం. మీరు కొన్న లేదా అమ్మిన రోజు నుంచి బయటపడిన రోజు దాకా షేరు నిజంగా ఎంత కదిలిందో అదే సూత్రంతో లెక్కించి, మొదటి రోజు ఐవీ పక్కన రాయండి. లాభం రాలేదనో వచ్చిందనో కాకుండా, ఫలితాల రోజున షేరు ఎంత కదిలింది, మీ 4.25 అంచనా దానికి దగ్గరగా ఉందా అన్నది వేరే కాలమ్‌లో ఉండాలి. వచ్చే త్రైమాసికానికి తొమ్మిదో ఫలితాల రోజుగా జాబితాలో చేరేది ఆ రోజు కదలికే.